హెచ్.ఎం. మేడమ్ వీడ్కోలు వీడియో: జ్ఞాపకాల నుంచి స్క్రిప్టు దాకా

ప్రభుత్వ ఉపాధ్యాయుల పదవీ విరమణ వయసు నిండిన నెల ఆఖరి రోజున జరుగుతుంది. అందుకే ఏ నెలాఖరున చూసినా ఏదో ఒక ఊరి బడిలో షామియానా వేసి ఉంటుంది. శాలువాలు, దండలు, జ్ఞాపిక, ఫ్రేము కట్టించిన సన్మాన పత్రం ఎప్పటినుంచో ఉన్నవే. కొన్నేళ్లుగా వీటికి తోడు ఒక వీడియో కూడా వచ్చి చేరింది. సహోద్యోగులు తలా రెండు మాటలు మాట్లాడతారు, మధ్యమధ్య ఫొటోలు వస్తాయి, వెనకాల సంగీతం వినిపిస్తుంది. ఈ పని సాధారణంగా ఫోన్‌లో వీడియోలు కత్తిరించడం తెలిసిన కుర్ర మాస్టారి మీదో, రాయగలరన్న నమ్మకంతో తెలుగు టీచరు మీదో పడుతుంది.

పని మీద పడగానే చాలామంది స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పెడతారు. “మేడమ్ గారి గురించి అందరూ రెండు మాటలు చెప్పి వీడియో పంపగలరు” అని. రెండు రోజుల్లో వీడియోలు వచ్చేస్తాయి. క్రమశిక్షణకు మారుపేరు, మృదుభాషిణి, కన్నతల్లి లాంటి వారు, వారు లేని లోటు తీరనిది. ఈ మాటల్లో అబద్ధమేమీ లేదు, అన్నవాళ్లు మనస్ఫూర్తిగానే అన్నారు. అయితే కిందటి నెల పక్క మండలంలో రిటైరైన హెచ్.ఎం. గారి వీడియోలో ఉన్నవీ ఇవే మాటలు. పేరు మార్చి చూపిస్తే ఆ వీడియో ఈ సభకూ సరిపోతుంది. స్క్రిప్టు రాసేవారికి మొదటి చిక్కు ఇక్కడే వస్తుంది. గ్రూపులో అడిగిన ప్రశ్న విశేషణాలనే అడిగింది, కాబట్టి విశేషణాలే వచ్చాయి.

సర్వేపల్లి రాధాకృష్ణన్ మైసూరు మహారాజా కళాశాల వదిలి కలకత్తా విశ్వవిద్యాలయానికి బయల్దేరింది 1921లో. ఆ రోజు ఎవరెవరు ఏమని పొగిడారో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు. పూలతో అలంకరించిన గుర్రబ్బండికి గుర్రాలు విప్పేసి, విద్యార్థులే దాన్ని రైల్వే స్టేషన్ దాకా లాగారన్నది మాత్రం ఉపాధ్యాయ దినోత్సవం వచ్చినప్పుడల్లా ఇప్పటికీ చెప్పుకుంటాం. నూరేళ్లు దాటినా నిలిచింది ఒక సంఘటన. వీడ్కోలు వీడియో స్క్రిప్టుకు కావలసిన ముడిసరుకు కూడా సంఘటనలే.

అవి ఎలా దొరుకుతాయో, వాటితో ఏం చేయాలో చెప్పడానికి ఒక బడిని ఊహించుకుందాం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. 2017లో బదిలీపై వచ్చిన ప్రధానోపాధ్యాయురాలు అక్కడే రిటైరవుతున్నారు. ఇందులోని మనుషులు కల్పితమే, ఎదురయ్యే చిక్కులు మాత్రం ఏ బడిలోనైనా ఉండేవే.

అడిగే తీరు

మొదటి నియమం, గ్రూపులో అడగకూడదు. గ్రూపులో ఒకరు పెట్టిన మాటనే తర్వాతివారు కొంచెం మార్చి పెడతారు. ఒక్కొక్కరినీ విడిగా, వీలైతే వాళ్లు పనిచేసే చోటనే కలిసి అడగాలి. లెక్కల మాస్టారిని తరగతి గదిలో, వంటామెను పొయ్యి దగ్గర, జూనియర్ అసిస్టెంటును బీరువా పక్కన. చోటు చూడగానే జ్ఞాపకం దానంతటదే బయటికొస్తుంది. “అదిగో, ఆ గుమ్మంలో నిలబడి అన్నారండీ” అని మొదలుపెడతారు. ఆ గుమ్మం వీడియోలో చూపించడానికి కూడా పనికొస్తుంది.

రెండోది ప్రశ్న. “మేడమ్ ఎలాంటివారు?” అని అడిగితే గుణాలే చెబుతారు. “మేడమ్ మిమ్మల్ని కోప్పడిన రోజేమైనా గుర్తుందా?” అనో, “ఆవిడ చేసింది చూసి ‘ఇదేంటి, ఇలా చేస్తున్నారు!’ అనిపించిన సందర్భం ఉందా?” అనో, “ఆవిడ ఎప్పుడూ వాడే మాట ఏంటి?” అనో అడిగితే కథ వస్తుంది. కోపం గురించి అడగడానికి చాలామంది జంకుతారు. నిజానికి మంచి జ్ఞాపకాలు ఎక్కువగా ఆ ప్రశ్నకే దొరుకుతాయి, ఎందుకంటే కోపం వచ్చిన రోజు తేదీతో సహా గుర్తుంటుంది.

జవాబు మొదలవగానే పొగడ్త వస్తే ఆపకూడదు. మొదటి అర నిమిషం అలాగే పోతుంది. అది అయ్యాక ఒక్క క్షణం ఊరుకుంటే చాలామంది, “ఒకసారి ఏమైందంటే...” అని మళ్లీ అందుకుంటారు. రికార్డింగు అంతసేపూ నడుస్తూనే ఉండాలి. “ఇక మొదలుపెడదామా” అని బటన్ నొక్కి నిలబడితే మనిషి బిగుసుకుపోతాడు.

ఎవరిని అడగాలి అన్నది మరో సంగతి. ఉపాధ్యాయులతో ఆగిపోయే వీడియోలే ఎక్కువ. హెచ్.ఎం. గారిని రోజూ దగ్గరగా చూసేది అటెండరు, జీతాల బిల్లులు చేసే జూనియర్ అసిస్టెంటు, మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్లు, రాత్రి కాపలా మనిషి. ఈ బడి నుంచి బదిలీ అయి వెళ్లినవాళ్లు కూడా ఉంటారు. బడిలో ఇప్పుడున్నవాళ్లు హెచ్.ఎం. ఎదుట కాస్త జాగ్రత్తగా మాట్లాడితే, వెళ్లిపోయినవాళ్లు నిర్మొహమాటంగా చెబుతారు. వాళ్లకు ఫోన్ చేసి మాట్లాడి, తర్వాత నిదానంగా ఒక వాయిస్ మెసేజ్ పంపమంటే సరిపోతుంది.

ఇదంతా మూడు వారాల ముందు మొదలుపెట్టాలి. ఆఖరి వారంలో హెచ్.ఎం. గారి చార్జి అప్పగింత, పెన్షన్ కాగితాలు, సభ ఏర్పాట్లు అన్నీ ఒకేసారి వచ్చి పడతాయి. అప్పుడు వంటామెతో కూర్చుని ఆమె జ్ఞాపకం వినే తీరిక ఎవరికీ ఉండదు.

విధి ఏది, మనిషి ఏది

ఉద్దానం బడిలో ఇరవై ఒక్క జ్ఞాపకాలు పోగయ్యాయి అనుకుందాం. వాటిలో వంటామె చెప్పింది, మొదట విన్నప్పుడు ఇలా ఉంది:

“మేడమ్ గారు చానా మంచోరండి. మమ్మల్నందర్నీ బాగా చూసుకునీవోరు. రోజూ వొచ్చి వంట చూసీవోరు, రుచి చూసీవోరు. అందరు హెచ్చెమ్ములూ చూస్తారనుకోండి. ఈవిడేం చేసీవోరంటే, పిల్లలందరి తిండీ అయిపోయాక ఆఖరి బంతిలో కూకునీవోరు. ఒకరోజు సాంబారు అయిపోయింది. నాను గాబరా పడిపోయాను, ఇంకా నలుగురు పిల్లలున్నారు. మేడమ్ గారు తన కేరేజీ తెరిచి అందులో పప్పు ఆ నలుగురికీ వడ్డించీసి, నాతో పాటు ఉత్తి మజ్జిగన్నం తిన్నారు. మర్నాటి నుంచి ఆవిడ కేరేజీ పెద్దదైంది. అంత మంచోరండి, ఆ దేవుడు చల్లగా చూడాలి.”

ఇందులో స్క్రిప్టు రాసేవారు మొదట గమనించాల్సింది, ‘రుచి చూసేవారు’ అన్న మాట పనికిరాదని. పిల్లలకు వడ్డించే ముందు ఉపాధ్యాయులు భోజనం రుచి చూడాలన్నది మధ్యాహ్న భోజన పథకంలో ఉన్న నిబంధనే. అది ఉద్యోగ ధర్మం. దాన్ని విశేషంగా చూపిస్తే సభలో కూర్చున్న పక్క బడి హెచ్.ఎం.లు, “మేమూ చేస్తాం కదా” అనుకుంటారు, ఆ అనుకోవడం న్యాయమే. ఆ సంగతి వంటామెకే తెలుసు, “అందరు హెచ్చెమ్ములూ చూస్తారనుకోండి” అని తనే అంది. ఆఖరి బంతిలో కూర్చోవాలని మాత్రం ఏ ఉత్తర్వులోనూ లేదు. కేరేజీ పెద్దదవడం అంతకంటే విశేషం. ఆ రోజు చేసింది ఒక రోజు దయగా మిగిలిపోకుండా, మర్నాటి నుంచి ఏర్పాటుగా మారింది. ఆ మనిషి స్వభావమంతా ఆ ఒక్క వాక్యంలో తెలుస్తుంది.

కాబట్టి కత్తిరించాక వంటామె మాట ఇలా మిగలాలి: “పిల్లలందరి తిండీ అయిపోయాక ఆఖరి బంతిలో కూకునీవోరు. ఒకరోజు సాంబారు అయిపోయింది. ఇంకా నలుగురు పిల్లలున్నారు. మేడమ్ గారు తన కేరేజీలో పప్పు ఆ నలుగురికీ వడ్డించీసి, నాతో పాటు ఉత్తి మజ్జిగన్నం తిన్నారు. మర్నాటి నుంచి ఆవిడ కేరేజీ పెద్దదైంది.”

ఇంతే. ముందున్న పొగడ్త పోయింది, చివరి దీవెన పోయింది. దీవెన తీసేయడానికి మనసొప్పదు. కానీ కేరేజీ మాట తర్వాత ఇంకేం వచ్చినా అది బలహీనపడుతుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, ‘కూకునీవోరు’ని ‘కూర్చునేవారు’ అని దిద్దకూడదు. కొందరు తెలుగు మాస్టార్లు మర్యాద కోసం యాసను దిద్ది, కాగితం మీద రాసి ఇచ్చి చదవమంటారు. అప్పుడు తన కథను తానే పరాయిగా చదివినట్టు ఉంటుంది. సభలో ఉన్న తల్లిదండ్రులు మాట్లాడేది కూడా ఆ యాసే.

మొత్తాన్ని కలిపే దారం

ఇరవై ఒక్కటీ వాడితే వీడియో అరగంట అవుతుంది, పది నిమిషాలకే జనం లేచి భోజనాల వైపు నడుస్తారు. ఏడు నిమిషాలు దాటకపోవడం మంచిది. అందులో ఎనిమిది జ్ఞాపకాలు పడతాయి. ఏ ఎనిమిది అన్నది, ఎవరు చక్కగా మాట్లాడారన్న దాన్ని బట్టి నిర్ణయించకూడదు. అన్నిటినీ కాగితం మీద రాసుకుని ఒక్కసారి కూర్చుని చదివితే, కొన్ని జ్ఞాపకాలు వాటంతటవే ఒకదాని పక్కన ఒకటి చేరతాయి.

ఉద్దానం బడిలో జూనియర్ అసిస్టెంటు చెప్పింది ఇది. ఎవరైనా పిల్లకు టీసీ కావాలని వస్తే మేడమ్ సంతకం పెట్టే ముందు, “ఎక్కడ చేరుస్తున్నారు?” అని అడిగేవారు. జవాబు సరిగా రాకపోతే ఆ సాయంత్రమే వాళ్లింటికి బయల్దేరేవారు. కొత్తగా చేరిన ఇంగ్లీషు టీచరు చెప్పింది, స్టాఫ్ మీటింగులో మేడమ్ అందరికంటే ముందు తన అభిప్రాయమే అడిగేవారని, సీనియర్లు మాట్లాడేశాక కొత్తవాళ్లు నోరు విప్పరని ఆవిడ అనేవారని. అటెండరు చెప్పింది తుఫాను తర్వాతి రోజుల సంగతి. బడి తెరిచాక రాని పిల్లల కోసం హాజరు పట్టీ చేత్తో పట్టుకుని, మేడమూ అతనూ ఇల్లిల్లూ తిరిగారు. ఒక వీధి అయ్యాక ఆవిడ ఆగి, “ఇంకెవరు మిగిలారు?” అని అడిగేవారట. వంటామెను మళ్లీ అడిగితే, వడ్డన అయ్యాక ఆవిడ అడిగేదీ అదే మాటని చెప్పింది: “ఇంకెవరు మిగిలారు?”

దారం దొరికింది. వెనక మిగిలిపోయేవాళ్లను వెతకడం ఈ మనిషి స్వభావం. ఇది రచయిత పైనుంచి తగిలించింది కాదు. ఒకరితో ఒకరు మాట్లాడుకోని ఇద్దరి నోట ఒకే వాక్యం వచ్చింది. ఇలాంటి దారం నిజమైనదా, మనం ఊహించుకున్నదా అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. కనీసం ముగ్గురు, వేరువేరు పనుల్లో ఉన్నవాళ్లు, మనం సూచించకుండా, ఆ గుణానికి ఒక్కో సంఘటన చెప్పాలి. ఇద్దరే చెబితే అది యాదృచ్ఛికం కావచ్చు. ముందే ‘ప్రేమమూర్తి’ అన్న పేరు పెట్టుకుని దానికి తగ్గ జ్ఞాపకాలు ఏరుకుంటే వీడియో మళ్లీ సన్మాన పత్రమే అవుతుంది.

దారానికి సరిపోని జ్ఞాపకం కూడా ఒకటి ఉంచాలి. ఈ బడిలో అది లెక్కల మాస్టారిది. చేరిన కొత్తలో ఆయన మొదటి పీరియడ్‌కు ఆలస్యంగా వచ్చేవారు. వచ్చేసరికి మేడమే ఆయన తరగతిలో లెక్క చెబుతూ ఉండేవారు. ఒక్క మాటా అనకుండా సుద్దముక్క ఆయన చేతికిచ్చి వెళ్లిపోయేవారు. మూడు రోజులు అలాగే జరిగింది. మూడో రోజు సాయంత్రం పిలిచి కొత్త టైంటేబుల్ ఇచ్చారు. “బస్సు టైము నేను మార్చలేను మాస్టారూ, పీరియడ్ మార్చగలను. ఇకనుంచి ఆలస్యం మాత్రం ఒప్పుకోను” అన్నారు. ఈ జ్ఞాపకం లేకపోతే ఆమె ఎప్పుడూ కరిగిపోయే మనిషిలా కనిపిస్తారు. బడిని నడిపిన మనిషి కనిపించాలంటే సుద్దముక్క చేతికిచ్చిన ఆ మౌనం కావాలి.

తుఫాను ఏది?

అందరి జ్ఞాపకాలూ ప్రేమతో చెప్పినవే అయినా అన్నీ కచ్చితంగా ఉండవు. అటెండరు తన కథను “హుద్‌హుద్‌లో వరండా రేకులు ఎగిరిపోయినప్పుడు” అని మొదలుపెట్టాడు. సైన్సు టీచరు అదే సంగతి చెబుతూ “తిత్లీ అప్పుడు” అన్నారు. ఇద్దరూ గట్టిగానే చెప్పారు. హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటింది 2014 అక్టోబరు 12న. తిత్లీ పలాస వైపు తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలను నేలమట్టం చేసింది 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున. మేడమ్ ఈ బడికి వచ్చిందే 2017లో. కాబట్టి అది తిత్లీయే.

ఇక్కడ అటెండరును వేలెత్తి చూపాల్సిన పని లేదు. అతను రెండు తుఫాన్లూ ఆ వరండాలోనే చూశాడు, రెండూ కలిసిపోయాయి. “తుఫాను రోజుల్లో” అని మళ్లీ ఒకసారి చెప్పించి, తెర మీద ‘2018 అక్టోబరు, తిత్లీ తర్వాత’ అని అక్షరాలు వేస్తే చాలు. ఇలా చేయకపోతే, ఆ తప్పును సభలో మొదట పట్టుకునేది మేడమే. తన వీడ్కోలు రోజున ఆవిడ మనసు ఆ తప్పు దగ్గరే ఆగిపోతుంది.

సర్వీసు వివరాలు కూడా అంతే. మొదటి నియామకం ఎక్కడ, పదోన్నతి ఎప్పుడు, ఏయే ఊళ్లలో పనిచేశారు అన్నవి స్టాఫ్ రూంలో విన్నదాన్ని బట్టి రాయకూడదు. సర్వీస్ రిజిస్టరులో ఉన్న తేదీలు ఆఫీసులో సరిచూసుకోవాలి. ఊళ్ల పేర్లు, ఇంటి పేరు అక్షరాలతో సహా కుటుంబ సభ్యుల చేత ఒకసారి చదివించుకోవాలి.

కాగితం మీద స్క్రిప్టు

స్క్రిప్టు కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసుకోవడం పాత పద్ధతి, ఇప్పటికీ దానికి మించింది లేదు. ఎడమ వైపు తెర మీద ఏం కనిపిస్తుందో, కుడి వైపు ఏం వినిపిస్తుందో రాస్తారు. రెండు వైపులా ఒకే సంగతి ఉంటే ఒకటి కొట్టేయాలి. సుద్దముక్క చేతిలో పెట్టడం తెర మీద కనిపిస్తుంటే, “సుద్దముక్క చేతిలో పెట్టారు” అని వ్యాఖ్యాత చెప్పనక్కర్లేదు.

ఉద్దానం వీడియో ఆరంభం కాగితం మీద ఇలా ఉండొచ్చు. తెర మీద ఖాళీ వంటశాల వరండా, వరసగా కడిగి బోర్లించిన పళ్లాలు. పది సెకన్లు మాట ఉండదు, గిన్నెల చప్పుడు మాత్రమే. తర్వాత వంటామె ముఖం, ఆమె గొంతు. “కేరేజీ పెద్దదైంది” అనగానే ఆమె నవ్వు, ఆ నవ్వు మీద మూడు సెకన్లు ఆగడం. అప్పుడు బడి పేరు, మేడమ్ పేరు, పనిచేసిన సంవత్సరాలు తెర మీదికి వస్తాయి. వ్యాఖ్యాత మాట అప్పుడు మొదలవుతుంది: “ఈ బడిలో రోజూ వినిపించిన ప్రశ్న ఒకటుంది. దాన్ని ఈ రోజు ఆ ప్రశ్న విన్నవాళ్లే చెబుతారు.” ప్రశ్న ఏమిటో వ్యాఖ్యాత చెప్పడు. నాలుగో నిమిషంలో అటెండరు నోట అది వస్తుంది.

చాలా వీడియోలు “ఫలానా గ్రామంలో ఫలానా పుణ్య దంపతులకు జన్మించి” అని మొదలవుతాయి. ఆ సంగతులు సన్మాన పత్రంలో ఎలాగూ ఉంటాయి, సభలో దాన్ని చదువుతారు కూడా. వీడియోలో మళ్లీ చెబితే మొదటి నిమిషం అక్కడే పోతుంది. వీడియోకు వంటశాలతో, బీరువాతో, బస్టాపుతో మొదలయ్యే స్వేచ్ఛ ఉంది, దాన్ని వదులుకోకూడదు.

నిడివి లెక్క చూసుకోవడం తేలిక. సభలో అందరికీ అర్థమయ్యేలా నిదానంగా చదివితే తెలుగులో నిమిషానికి సుమారు తొంభై, వంద మాటలు వస్తాయి. ఏడు నిమిషాలకు ఆరు వందల పైచిలుకు. అయితే ఫొటోలకు, నవ్వులకు, ఊపిరికి చోటు కావాలి కాబట్టి మొత్తం మాటలు నాలుగు వందల యాభై దాటకుండా చూసుకోవాలి. ఒక్కో జ్ఞాపకానికి నలభై మాటలనుకుంటే ఎనిమిదింటికి మూడు వందల ఇరవై. వ్యాఖ్యాతకు మిగిలేది నూటముప్పై లోపే. ఈ లెక్క చూసి కొందరు బెంగపడతారు గానీ, వ్యాఖ్యాత ఎంత తక్కువ మాట్లాడితే వీడియో అంత బాగుంటుంది. రాసిన దాన్ని గడియారం పెట్టుకుని గట్టిగా చదివితే ఎక్కడ సాగుతోందో వెంటనే తెలుస్తుంది.

మిగిలిన పదమూడు మంది సంగతేమిటి? బడి అన్నాక ఇది చిన్న విషయం కాదు. తన మాట లేకపోతే నొచ్చుకునేవాళ్లుంటారు, అది సహజం కూడా. దీనికి ఒక పరిష్కారం, అందరినీ చూపించడం, అందరి చేతా మాట్లాడించకపోవడం. ఒక్కొక్కరూ తమ పనిచోటులో మూడు సెకన్లు కెమెరా వైపు చూసి నమస్కరించే దృశ్యం తీసి, పేరు వేసి, చివరి నిమిషంలో వరసగా కలపాలి. ఆ వరస హోదాను బట్టి కాక, బడిలో చేరిన సంవత్సరాన్ని బట్టి ఉంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. మండల విద్యాశాఖాధికారి సందేశం వస్తే దాన్ని సభలో చదివించడం మేలు. వీడియో మధ్యలో ఇరికిస్తే దారం తెగుతుంది.

చెప్పకూడనివి

మంచి కథే అయినా వదిలేయాల్సినవి కొన్ని ఉంటాయి. జూనియర్ అసిస్టెంటు చెప్పిన టీసీ కథల్లో ఒకటి, ఒక అమ్మాయికి చిన్న వయసులో పెళ్లి నిశ్చయమైతే మేడమ్ వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడి ఆపించిన సంగతి. ఆమె చేసిన పనులన్నిటిలోకీ ఇదే గొప్పది కావచ్చు. అయినా వీడియోలో పెట్టకూడదు. పేరు చెప్పకపోయినా ఊరంతటికీ ఆ అమ్మాయి ఎవరో తెలుసు. ఆ తల్లిదండ్రులు అదే షామియానా కింద కూర్చుని ఉండొచ్చు. “టీసీ అడిగితే ఇంటికి వెళ్లేవారు” అన్నంతవరకు ఉంచి ఆపేయాలి. ఫీజు కట్టలేని పిల్లవాడు, చెప్పుల్లేని పిల్లవాడు లాంటి కథలకూ ఇదే వర్తిస్తుంది. పిల్లల ముఖాలు దగ్గరగా చూపించాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. లేకపోతే ప్రార్థన వరసలను దూరం నుంచో, వెనక నుంచో చూపిస్తే చాలు.

మేడమ్ సొంత కష్టాలు, అనారోగ్యం, ఇంట్లో జరిగిన మరణాలు కూడా అంతే. “భర్త పోయిన పదకొండో రోజే బడికి వచ్చారు” అని ఎవరైనా అభిమానంతో చెబుతారు. దాన్ని తెర మీద వినడం ఆవిడకు ఎలా ఉంటుందో ఇంట్లోవాళ్లను అడిగి తెలుసుకోకుండా వాడకూడదు. సందేహం ఉంటే తీసేయడమే సరైన నిర్ణయం. ఆ మాట చెప్పినవారు విడిగా ఆవిడతో చెప్పుకోవచ్చు.

సభలో నడవాలి కదా

స్క్రిప్టు ఎంత బాగున్నా వినిపించకపోతే ఏమీ లేదు. ఇలాంటి వీడియోలు చెడిపోవడానికి ప్రధాన కారణం శబ్దం. ఫోన్‌ను మనిషికి రెండు మూడు మీటర్ల దూరంలో పెడితే ఫ్యాన్ మోత, బయట పిల్లల అల్లరి, గది గోడల ప్రతిధ్వని కలిసిపోతాయి. కాలరుకు తగిలించే చిన్న మైకు ఎవరి దగ్గరైనా దొరికితే మంచిది. లేకపోతే రెండో ఫోన్‌లో వాయిస్ రికార్డరు పెట్టి, మాట్లాడేవారి జేబులోనో ఒళ్లోనో ఉంచి, తర్వాత ఆ శబ్దాన్ని దృశ్యంతో కలపొచ్చు. మొదట్లో ఒక్కసారి చప్పట్లు కొట్టిస్తే రెండింటినీ సరిపెట్టడం తేలిక. ఫ్యాన్ ఆపాలి, బడి గంట కొట్టే వేళ చూసుకోవాలి. ఫోన్ అడ్డంగా పట్టుకోవాలన్నది అందరికీ తెలిసినా, బయటి నుంచి వచ్చే వీడియోలు సగం నిలువుగానే వస్తాయి. అవి అడిగేటప్పుడే చెప్పడం మేలు.

సినిమా పాట పెట్టాలన్న కోరిక బలంగా ఉంటుంది. సభలో వేసుకునేంతవరకు సరే, దాన్ని యూట్యూబ్‌లో పెడితే పాట హక్కుదారుల నుంచి అభ్యంతరం వచ్చి శబ్దం ఆగిపోవచ్చు. దానికంటే బడిలో ఎవరైనా వేణువో వయొలినో వాయించేవారుంటే వారి చేత ఒక నిమిషం వాయించి రికార్డు చేసుకోవడం మేలు. మాట వచ్చేచోట సంగీతం తగ్గాలి. వంటామె మాట్లాడేటప్పుడు అసలు సంగీతమే లేకుండా గిన్నెల చప్పుడు ఉంచితే ఇంకా బాగుంటుంది.

షామియానా కింద మధ్యాహ్నం పూట ప్రొజెక్టర్ వేస్తే తెర తెల్లగా కనిపిస్తుంది తప్ప బొమ్మ కనిపించదు. తరగతి గదిలో డిజిటల్ ప్యానెల్ ఉన్న బడులైతే సభలో ఆ ఒక్క కార్యక్రమాన్ని గదిలోకి మార్చుకోవచ్చు, లేదా పెద్ద టీవీ అద్దెకు తెచ్చుకోవచ్చు. ముందు రోజు సాయంత్రం అదే చోట, అదే లాప్‌టాప్‌తో, సౌండ్ బాక్సులకు తీగ కలిపి, ఆఖరి వరసలో కూర్చుని మొత్తం ఒకసారి వినాలి. లాప్‌టాప్ స్పీకరు ముందు మైకు పెట్టి వినిపించే ప్రయత్నం చేస్తే మాట ఒక్కటీ అర్థం కాదు. వీడియోను ఇంటర్నెట్ నుంచి నడపకుండా పెన్‌డ్రైవ్‌లో ఒకటి, లాప్‌టాప్‌లో ఒకటి ఉంచుకోవాలి.

సభలో దాన్ని ఎప్పుడు వేయాలన్నది కూడా స్క్రిప్టులో భాగమే. ఉపన్యాసాలన్నీ అయ్యాక, భోజనాల ముందు వేస్తే ఎవరికీ ఓపిక ఉండదు. మేడమ్ స్పందన ప్రసంగానికి సరిగ్గా ముందు వేస్తే, ఆవిడ ఆ జ్ఞాపకాలకు జవాబు చెప్పగలుగుతారు. అటెండరు చెప్పినదానికి ఇంకో సగం కథ ఆవిడ దగ్గర ఉండొచ్చు, సభకు దొరికే అసలు లాభం అది.

వీడియోలో చేరని పదమూడు జ్ఞాపకాలను, కత్తిరించిన పూర్తి రికార్డింగులను పారేయకుండా ఒక పెన్‌డ్రైవ్‌లో పెట్టి, ఎవరు ఎప్పుడు చెప్పారో రాసిన కాగితంతో సహా మేడమ్‌కు ఇవ్వాలి. వంటామె దీవెన, పెళ్లి ఆగిన అమ్మాయి కథ, భర్త పోయిన రోజుల మాట అన్నీ అందులో ఉంటాయి. ఆవిడ ఇంట్లో, తన వీలు చూసుకుని వింటారు. వచ్చే నెలాఖరున మీ బడిలో ఎవరైనా రిటైరవుతుంటే గ్రూపులో సందేశం పెట్టకండి. రేపు మధ్యాహ్నం వడ్డన అయ్యాక వంటశాల దగ్గరికి వెళ్లి, అక్కడి నుంచే అడగడం మొదలుపెట్టండి.